ఆషాఢంలో దోమతెరలు: ఒక టెంటు హౌసు డైరీ

జ్యేష్ఠం చివరి వారం

కంచరపాలెంలో మాది చిన్న టెంటు హౌసు. ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. దానికి నైరుతి వానలు తోడు. శ్రావణంలో ముహూర్తాలు మొదలైనా, తడిసిపోతామన్న భయంతో జనం కల్యాణ మండపాలే చూసుకుంటారు. భాద్రపదంలో వినాయక చవితి పందిళ్లు తప్ప మాకు మరో బేరం లేదు. ఇక విశాఖకు అసలు వాన చాలా ఏళ్లలో అక్టోబరులోనే పడుతుంది. తుపాన్లూ అప్పుడే. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. కాబట్టి కార్తీకం దాకా షామియానాలను నమ్ముకుంటే గోదాము అద్దె కూడా రాదు.

మా చేతిలో ఉన్నవి షామియానాలు కుట్టే పవర్ మిషను, గుడ్డ పరచి కత్తిరించే పెద్ద బల్ల, కుట్టు తెలిసిన ఇద్దరు మనుషులు: నేను, మా ఆవిడ. గత వానాకాలాల్లో టార్పాలిన్లకు అతుకులు వేశాం, రింగులు కొట్టాం, స్కూటర్లకు కవర్లు కుట్టాం. వాటితో వచ్చిన చిక్కు ఏమిటంటే, గిరాకీ అంతా మొదటి వానకే తీరిపోతుంది. తడిసినవాడు ఆ సాయంత్రమే ఏదో ఒకటి కొనేస్తాడు, మళ్లీ మన ముఖం చూడడు. దోమ అలా కాదు. నిలిచిన నీటిలో గుడ్డు పొదిగి దోమగా ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. అంటే ప్రతి పెద్ద వాన తర్వాత పది రోజులకు కొత్త గిరాకీ పుడుతుంది, అక్టోబరు దాకా పుడుతూనే ఉంటుంది. అందుకని ఈ ఏడు కిటికీలకు వెల్క్రోతో అంటించే దోమతెరలు కుట్టాలని అనుకున్నాం.

అల్యూమినియం చట్రాల మెష్ తలుపుల జోలికి పోలేదు. దానికి కోత మిషను కావాలి, ఆ చేతిపని వేరు, దుకాణాలూ చాలా ఉన్నాయి. వెల్క్రో తెరలో తయారీ అంతా కుట్టు పనే. అది ఇంట్లో, కప్పు కింద, ఎంత వాన పడుతున్నా సాగుతుంది. బయటి ఇంటికి వెళ్లాల్సింది రెండు సార్లు: కొలతకు ఒకసారి, బిగించడానికి ఒకసారి.

సరుకు

పూర్ణా మార్కెట్ వైపు టోకు దుకాణాల్లో మెష్ చుట్టలు రెండు రకాలు దొరికాయి. ఒకటి పాలిస్టర్. మెత్తగా ఉంటుంది, చవక, కానీ కుట్టేటప్పుడు సాగి ముడతలు పడుతుంది. రెండోది ఫైబర్ గ్లాస్ దారానికి పీవీసీ పూత పూసినది. కాస్త బిరుసు, నేత గళ్లు కదలవు, ఎండకు త్వరగా చివికిపోదు. మేము రెండోదే తీసుకున్నాం. దాన్ని 18×16 అంటారు, అంటే అంగుళానికి ఒక వైపు 18 దారాలు, రెండో వైపు 16. రంధ్రం మిల్లీమీటరుకు కాస్త పైన ఉంటుంది. దోమ దూరదు. దీపం చుట్టూ మూగే నుసి పురుగులు మాత్రం దూరతాయి. ఆ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పాలి, లేకపోతే మొదటి రాత్రే ఫోను వస్తుంది. అంతకంటే సన్నని మెష్ వేస్తే గాలి ఆడదు. ఈ ఊరి ఉక్కలో గాలి ఆడని తెరను ఎవరూ వారం కూడా ఉంచుకోరు.

రంగు విషయంలో అందరూ తెలుపు అడుగుతారు. నేను నలుపు, బూడిద రంగులే తెచ్చాను. తెల్ల మెష్ మీద వెలుతురు పడితే కంటికి అడ్డుగోడలా ఉంటుంది, నల్ల మెష్ గుండా వీధి స్పష్టంగా కనిపిస్తుంది. రెండు ముక్కలు కిటికీకి అడ్డంగా పట్టి చూపిస్తే మాటలతో పనిలేదు.

వెల్క్రోలో గరుకు పట్టీ, మెత్తని పట్టీ అని రెండు ఉంటాయి కదా. గరుకు పట్టీ వెనక జిగురు ఉన్నది తీసుకోవాలి, అది కిటికీ చట్రానికి. మెత్తని పట్టీ జిగురు లేనిది తీసుకోవాలి, అది తెరకు కుట్టడానికి. ఈ రెండూ తారుమారు కాకూడదు. గరుకుది తెరకు కుడితే, ఉతికేటప్పుడు ఆ కొక్కేలు తెర గళ్లకే పట్టుకుని నేత లాగేస్తాయి. జిగురున్నదాన్ని మిషను కింద పెడితే సూదికి బంక అంటుకుని నాలుగు జానెలు కుట్టేలోపే దారం తెగుతుంది.

మొదటి ఇల్లు, అక్కయ్యపాలెం

ఒక రిటైరైన మాస్టారి ఇల్లు. వాళ్లమ్మాయి పెళ్లికి షామియానా మాదే. పడకగదిలో ఒక కిటికీకి తెర కావాలన్నారు. లెక్క మొత్తం ఈ ఒక్క కిటికీ మీదే రాసుకుంటున్నాను, మిగిలినవన్నీ దీని కొలబద్ద మీదే నడిచాయి.

చెక్క చట్రం, లోపల ఇనుప గ్రిల్లు, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. చట్రం లోపలి ఖాళీ పైన 44 అంగుళాలు, కింద 43న్నర, ఎత్తు 50. పాత ఇళ్లలో కిటికీ నాలుగు మూలలూ సరిగ్గా ఉండటం అరుదు. అందుకే వెడల్పు పైన, మధ్య, కింద కొలుస్తాను, రెండు కర్ణాలూ కొలుస్తాను, వెడల్పుల్లో అన్నిటికంటే పెద్దది తీసుకుంటాను. చట్రం మీద చుట్టూ అంగుళం పట్టీ కూర్చోవాలి కాబట్టి తయారైన తెర 46×52 రావాలి. అంచు మడత కోసం చుట్టూ అర అంగుళం కలిపితే మెష్ ముక్క 47×53. నాలుగడుగుల చుట్టలో ఇది ఇమిడిపోతుంది, పక్కన వృథా అయ్యేది ఒక అంగుళమే. మూడడుగుల కిటికీలకు మూడడుగుల చుట్ట కొంటే మడతకు చోటుండదు, మళ్లీ నాలుగడుగులదే కోయాలి. అందుకని మూడడుగుల చుట్టలు ఎక్కువ కొనకూడదు.

చుట్టుకొలత 196 అంగుళాలు, అంటే దాదాపు 5 మీటర్లు. గరుకుది 5 మీటర్లు, మెత్తనిది 5 మీటర్లు. మెష్‌కు 124 రూపాయలు, రెండు పట్టీలకు కలిపి 120, దారం, స్పిరిట్ లాంటివి ఒక పది. చేతి నుంచి పెట్టింది 255 లోపే. తెర వైశాల్యం పదహారున్నర చదరపు అడుగులు. అడుగుకు 40 చొప్పున 660 తీసుకున్నాను. మిగిలిన 400లో రెండు సార్లు పోయి రావడం, ముప్పావు గంట కుట్టు, గంట బిగింపు. ఒక్క కిటికీ కోసం వెళితే ఇది కూలికి చాలదు. ఇంట్లో నాలుగు కిటికీలుంటేనో, అదే అపార్టుమెంటులో మరో రెండు ఇళ్లు దొరికితేనో గిట్టుతుంది. మాస్టారు ఆ రెండో పని చేసిపెట్టారు, పై అంతస్తువాళ్లను పిలిచి చూపించారు.

బిగించడం అయ్యాక ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. “బాబూ, అర్ధరాత్రి వాన కొడితే రెక్క ఎలా వేసుకోవాలి?”

“కింద ఈ మూల చెవి ఉంది చూడండి మాస్టారూ. దాన్ని పట్టుకుని ఈ మూల మాత్రమే విప్పండి. చెయ్యి పెట్టి రెక్క లాక్కోండి. తెర మొత్తం తీయాల్సిన పని లేదు.”

ఆ చెవి రెండంగుళాల గుడ్డ ముక్క. చిరిగిన షామియానాల ఎర్ర గుడ్డ, పసుపు గుడ్డ గోదాములో మూటలుగా ఉంది. గడియ ఏ వైపు ఉంటే ఆ వైపు కింది మూలలో కుట్టాలి. ఇది లేకపోతే జనం తెర నడుమ పట్టుకుని గుంజుతారు, మెష్ కుట్టు దగ్గర చిరుగుతుంది. అమ్మే ప్రతి తెరకూ చెవి ఉండాల్సిందే.

కుట్టు సంగతులు

గుండుసూదులు ఈ మెష్‌లో నిలవవు, గళ్లలోంచి జారిపోతాయి. మా ఆవిడ కనిపెట్టిన పద్ధతి ఇప్పుడు మాకు ఖాయమైంది. బల్ల మీద సుద్దతో తయారైన తెర కొలత గీస్తాం. మెష్‌ను నేత దారం వెంట కోస్తే అంచు నిటారుగా వస్తుంది, కాబట్టి దారం చూసి కత్తెర నడపాలి, గీత చూసి కాదు. అర అంగుళం మడిచి, మడత మీద మెత్తని పట్టీ పరచి, జానెడు జానెడుకు స్టేప్లరు పిన్ను కొట్టేస్తాం. కుట్టు అయ్యాక పిన్నులు పీకేస్తాం. కోసిన అంచు పట్టీ కింద దాగుతుంది కాబట్టి గాజు నూలు చేతికి గుచ్చుకోదు.

సూది 16 నంబరు, కుట్టు పొడవు మూడున్నర నుంచి 4 మిల్లీమీటర్లు, పట్టీ రెండు అంచుల వెంటా రెండు వరసలు. దగ్గర కుట్టు వేస్తే మెష్ మీద రంధ్రాల వరస పడి, కాగితం చించినట్టు అక్కడే తెగుతుంది. మూలల దగ్గర పట్టీ మీద పట్టీ ఎక్కించకూడదు. చివరకు చివర ఆనించి కుట్టాలి. ఎక్కిస్తే అక్కడ మందం పెరిగి గరుకు పట్టీకి ఆనదు, దోమకు దారి దొరికేది సరిగ్గా ఆ మూలలోనే.

కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ. కుట్టిన తెరను తడి గుడ్డతో తుడిచాకే మడవాలి. మిషను సంగతి వేరే చెప్పాలి: సముద్రపు గాలి, పైగా ముసురు. ఒక్క రాత్రి తుడవకుండా వదిలితే సూది పట్టీ మీద తుప్పు చుక్కలు లేస్తాయి, మర్నాడు అవి తెల్ల పట్టీ మీద దిగుతాయి. రోజూ పని ముగిశాక నూనె గుడ్డ వేయాల్సిందే.

సింహాచలం గిరి ప్రదక్షిణ వారం

ఆషాఢ శుద్ధ చతుర్దశి. మొత్తం ఆషాఢంలో టెంటు హౌసుకు దొరికే పని ఇది. ముప్పై రెండు కిలోమీటర్ల దారి పొడవునా మంచినీళ్ల, మజ్జిగ శిబిరాలు వేస్తారు. హనుమంతవాక దగ్గర ఒకటి, గోపాలపట్నం వైపు మరొకటి మాకు వచ్చాయి. షామియానా మీద టార్పాలిన్ వాలుగా కట్టి ఇచ్చాం. ఈ వారం తెరల పని ఆగింది, ఆర్డర్లు మా ఆవిడ ఫోనులో రాసుకుంది. తడిసిన షామియానాలు ఆరబెట్టడానికి గోదామంతా సరిపోయింది.

ఆషాఢం రెండో సగం: జిగురు కథ

మురళీనగర్ నుంచి ఒకావిడ పిలిచారు. కిందటేడు ఇంకెవరో వేసిన వెల్క్రో తెరలు, మూడు కిటికీలవి ఊడి వేలాడుతున్నాయి. “సరుకు మంచిది కాదు, మీరు మంచిది వేయండి” అన్నారు. ఊడిన పట్టీ తిప్పి చూశాను. జిగురు చెక్కుచెదరలేదు. దాని మీద తెల్లగా సున్నం పొర అంటుకుని ఉంది. అంటే జిగురు గోడను వదల్లేదు, గోడే తన పొరను వదిలేసింది. ఎంత ఖరీదైన పట్టీ తెచ్చినా అక్కడ ఇదే జరుగుతుంది.

ఈ వ్యాపారమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది. కుట్టు ఎవరైనా నేర్చుకోవచ్చు. వానాకాలంలో, తేమ పట్టిన ఇంట్లో, పట్టీ నిలిచేలా చేయడమే పని. అందుకే కొలతలకు వెళ్లినప్పుడే చట్రాన్ని పరీక్షిస్తున్నాను. అరచేత్తో రుద్దితే తెల్ల పొడి అంటుకుంటే పట్టీ నిలవదు. అంటకపోతే సెల్లోటేపు ముక్క గట్టిగా నొక్కి లాగుతాను. టేపు శుభ్రంగా వస్తే మంచిది. రంగు పొరలు వెంట వస్తే మంచిది కాదు. మూడోది తేమ పరీక్ష. జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రాత్రంతా ఉంచమంటాను. పొద్దున దాని లోపలి వైపు నీటి చెమట కనిపిస్తే తేమ గోడలోంచి వస్తోందని అర్థం. చెమట పాలిథిన్ బయటి వైపే ఉంటే అది గదిలోని ఉక్క, దానితో ఇబ్బంది లేదు.

అల్యూమినియం, యూపీవీసీ చట్రాలకు ఇవేవీ అక్కర్లేదు. వార్నిష్ వేసిన టేకు కూడా మంచిదే. వాటికి పొడి గుడ్డ, ఆ తర్వాత స్పిరిట్ తడిపిన గుడ్డ, ఆరాక పట్టీ. థిన్నర్ వాడితే ఎనామిల్ రంగు మెత్తబడి జిగటగా మారుతుంది, అందుకని స్పిరిటే వాడతాను. వంటింటి కిటికీకి మాత్రం ముందు సబ్బు నీళ్లతో నూనె జిడ్డు వదిలించాలి.

అంటించడంలో ఒక కిటుకు ఉంది. ముందు చట్రం మీద గరుకు పట్టీ అంటించి, తర్వాత తెర పెట్టబోతే ఎక్కడో ఒకచోట పావు అంగుళం తప్పుతుంది. అలా కాకుండా గరుకు పట్టీని ఇంటి దగ్గరే తెర మెత్తని పట్టీకి అతికించి తీసుకువెళతాను. కిటికీ దగ్గర పై అంచు కాగితం కొద్దికొద్దిగా పీకుతూ, తెరను బిగువుగా పట్టుకుని చట్రానికి నొక్కుతూ పోవాలి. పై అంచు, ఆ తర్వాత రెండు పక్కలు, చివర కింది అంచు. చట్రం వంకర అయినా తెర దానికి తగ్గట్టు కూర్చుంటుంది. తర్వాత చెంచా వెనక వైపుతో పట్టీ పొడవునా గట్టిగా రుద్దాలి. జిగురు పట్టు నొక్కుడును బట్టే వస్తుంది. ఆ తర్వాత ఒక రోజంతా తెర విప్పకూడదు. ముసురు రోజైతే రెండు రోజులు. “ఎలా ఉందో చూద్దామని” అదే సాయంత్రం విప్పి చూసేవాళ్ల ఇళ్లకే మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.

ఇక మురళీనగర్ ఇంటిది సిమెంటు చట్రం, సున్నం మీద డిస్టెంపర్, పడమటి గోడ, పాలిథిన్ నిండా చెమట. గోకి ప్రైమర్ వేద్దామంటే ఈ తేమలో అది ఆరదు, ఆరినా గోడలోని నీరు దాన్ని పొంగిస్తుంది. ఆవిడకు మొదట ఉన్నమాట చెప్పాను.

“అమ్మా, ఈ గోడకు ఇప్పుడు ఏ జిగురూ పట్టదు.”

“అయితే డిసెంబరు దాకా దోమలతో కుట్టించుకోమంటారా?”

న్యాయమైన ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాక తోచింది. జిగురుకు పొడి చోటు కావాలి. గోడ పొడిగా లేదు, నా ఇల్లు పొడిగా ఉంది. కాబట్టి జిగురు పని నా ఇంట్లోనే ముగించి, గోడకు మేకు పని మాత్రమే మిగల్చాలి. అంగుళం వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పట్టీలు తెచ్చాను, మీటరు 45 రూపాయలు పడింది. కిటికీ కొలతకు కోసి, అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి, అంచులు ఆకురాయితో నున్న చేసి, స్పిరిట్‌తో తుడిచి, గరుకు వెల్క్రోను వాటి మీద అంటించి ఒక రోజు బరువు కింద పెట్టాను. ఆవిడ ఇంట్లో గోడకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు దించి, వెల్క్రో మీది నుంచే స్క్రూలు బిగించాను. స్క్రూ తల కింద కొక్కేలు నలుగుతాయి గాని, అడుగుకొకచోట కాబట్టి పట్టుకు నష్టం లేదు.

సిమెంటు చట్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది, పట్టీ వెనక సందులు మిగులుతాయి. సిలికాన్ పూయాలనిపిస్తుంది. తేమ, పొడి ఉన్నచోట అదీ ఊడి వస్తుంది. వైట్ సిమెంటు ముద్ద చేసి సందుల్లో నింపాను. దానికి తడి అంటే భయం లేదు, తడిలోనే గట్టిపడుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. మామూలు ఇనుప స్క్రూలు ఈ గాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు కార్చి గోడ మీద గీతలు పెడతాయి.

ఇలాంటి కిటికీకి పట్టీలు 225, స్క్రూలు, ప్లగ్గులు 40 అదనం. బిగించడానికి గంట బదులు రెండు గంటలు. తెర ధర మీద మరో 450 తీసుకుంటున్నాను. ఖరీదు విని వెనక్కి తగ్గినవాళ్లు ఉన్నారు. వాళ్లను బతిమాలి, మామూలు పట్టీ అంటించి వచ్చే పని మాత్రం పెట్టుకోలేదు. అది రెండు వానలకు ఊడి, అపార్టుమెంటు మొత్తానికి నా పేరు చెడగొడుతుంది.

శ్రావణం

గిరాకీ బాగా పెరిగింది. పేపర్లో డెంగీ వార్తలు వస్తున్నాయి, ప్రతి శుక్రవారం డ్రై డే అంటూ ఆరోగ్య సిబ్బంది ఇళ్ల మధ్య తిరుగుతున్నారు. సీతమ్మధారలో తెరలు వేసిన ఒకాయన ఫోను చేసి, “మీ తెరలున్నా దోమలు తగ్గలేదండీ” అన్నారు. వెళ్లి చూస్తే తెరలన్నీ బిగువుగానే ఉన్నాయి. ఆయనను అడిగి ఫ్రిజ్ ముందుకు జరిపించాను. వెనక ట్రేలో నీరు, నీటిలో తోకలాడిస్తున్న దోమ పిల్లలు. కిటికీలో మనీ ప్లాంటు సీసాలోనూ అవే. డెంగీని మోసే ఈడిస్ దోమ ఇలాంటి కాస్త మంచినీటిలోనే పెరుగుతుంది, కుట్టేదీ ఎక్కువగా పగటి పూటే. ఇంట్లో పుట్టిన దోమను కిటికీ తెర ఆపదు సరికదా, బయటికి పోనివ్వదు కూడా. అప్పటి నుంచి కొలతకు వెళ్లిన ప్రతి ఇంట్లో ఫ్రిజ్ వెనక చూడమని చెప్పి వస్తున్నాను. దీనికి డబ్బులు లేవు, కానీ ఫిర్యాదు ఫోన్లు తగ్గాయి.

గాలి తగ్గుతుందన్న మాట మాత్రం నిజం, వాదించను. కరెంటు పోయిన రాత్రి తెరలున్న గది ఉక్కపోస్తుంది. దుమ్ము పట్టిన తెరైతే మరీ. పదిహేను రోజులకోసారి విప్పి, సబ్బు నీటిలో ముంచి, పిండకుండా ఆరేయాలి. గరుకు పట్టీలో చేరిన వెంట్రుకలు, నూలుపోగులు పాత పళ్ల బ్రష్షుతో దువ్వాలి. పట్టు తగ్గిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఆ దువ్వడమే. అడవివరం వైపు ఇళ్ల నుంచి వచ్చిన ఆర్డర్లు వద్దన్నాను. అక్కడ కోతులున్నాయి, మెష్ వాటికి ఒక గోటి పని.

భాద్రపదం, చవితి తర్వాత

పందిళ్ల పని వారం పది రోజులు మీద పడింది. ఆ రోజుల్లో బిగింపులకు వెళ్లలేదు, రాత్రిళ్లు కుట్టు మాత్రం సాగింది. ఈ పనిలో నాకు నచ్చింది అదే. ఎప్పుడు ఆపినా తెర పాడవదు, ఎండ వచ్చిన పూట చూసి నాలుగు ఇళ్లు ఒకేసారి బిగించి రావచ్చు.

స్కూటరు మీద సరుకు తీసుకువెళ్లడం మొదట్లో తలనొప్పిగా ఉండేది. జిగురు పట్టీ వెనక కాగితం తడిస్తే ఉబ్బి, పీకేటప్పుడు ముక్కలైపోతుంది. ఇప్పుడు తెరలను చుట్టలుగా చుట్టి, రెండు వైపులా మూతలున్న నాలుగంగుళాల పీవీసీ పైపులో పెట్టి, స్కూటరు పక్కన కట్టుకుని వెళుతున్నాను. తెర మడత పడదు, వాన చుక్క తగలదు.

స్లైడింగ్ కిటికీలు ఇంకా తేలలేదు. మధురవాడలో కొత్త అపార్టుమెంట్లన్నిటికీ అవే. గది వైపు నుంచి తెర వేస్తే అద్దం జరపడానికి ప్రతిసారీ తెర విప్పాలి, బయటి నుంచి వేద్దామంటే అయిదో అంతస్తులో ఎవరు వేలాడతారు? నడుమ నిలువుగా చీల్చి, రెండు పొరలు నాలుగంగుళాలు ఒకదానిమీదొకటి వచ్చేలా, అంచుల్లో సన్నని అయస్కాంతపు పట్టీ కుట్టి ఒకటి చేశాం. చెయ్యి దూరుతుంది, తీశాక అదే మూసుకుంటుంది. కానీ సముద్రం వైపు గాలి గట్టిగా కొడితే రెండు పొరలూ విడిపోతున్నాయి. కింద బరువు పెట్టి చూడాలి.

ఆశ్వయుజం చివర

కార్తీకం ముహూర్తాలకు అడ్వాన్సులు వస్తున్నాయి. నాలుగడుగుల మెష్ చుట్టలు అయిపోయాయి, మూడడుగులది సగం మిగిలింది. ఈ నాలుగు నెలలు గోదాము అద్దె, మిషను మరమ్మతు తెరల డబ్బులతోనే కట్టాం. ఇంటి ఖర్చులో కొంత మాత్రం అప్పు తప్పలేదు.

పడమటి కిటికీలకు మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలే రెండు ఇళ్లలో గరుకు పట్టీ కొద్దిగా పసుపెక్కింది. పట్టు ఇంకా బాగానే ఉంది. వేసవి దాటాక మళ్లీ చూసి రావాలి.

తేమ గోడల వాళ్లకు మాత్రం వచ్చే ఏడు పద్ధతి మారుస్తున్నాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోడలు పొడిగా ఉంటాయి, గోకి ప్రైమర్ వేస్తే నిలుస్తుంది, అల్యూమినియం పట్టీ అక్కర్లేదు. కిటికీకి 450 అదనం కాస్తా 150కి దిగుతుంది. అప్పుడు కొలత, ప్రైమర్ చేసి ఉంచితే తెర జూన్‌లో ఇస్తాం. ఖరీదు విని వెనక్కి తగ్గినవాళ్ల ఫోను నంబర్లు మా ఆవిడ పుస్తకంలో ఉన్నాయి. సంక్రాంతి పనులు ముగిశాక ముందుగా వాళ్లకే ఫోను చేస్తాం.